అయింది, ఉంది: జర్మన్ కర్మణి ప్రయోగంలో చర్య, స్థితి

జర్మన్ బోధనకు జీవితమంతా వెచ్చించిన ఆచార్యుల స్మృతిలో ఈ సభ జరుగుతోంది. భాషను బోధించినవారికి భాషలోని ఒక చిక్కును నిదానంగా విప్పి చూడడమే తగిన నివాళి అని తలచి, ఈ సాయంత్రానికి ఒకే ఒక్క అంశాన్ని ఎంచుకున్నాను. ఈ సభలో వ్యాకరణాన్ని శాస్త్రంగా చదివేవారు ఉన్నారు. జర్మనీలోని ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో ఉద్యోగాలకు సిద్ధమవుతున్నవారూ ఉన్నారు. వాక్యం ఎలా ఏర్పడుతుందని మొదటివారు అడుగుతారు. ఆ వాక్యాన్ని నమ్మి ఏం చేయాలని రెండోవారు అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు దొరికే చోటు జర్మన్ కర్మణి ప్రయోగం. అందులో వేర్డెన్ అనే సహాయక క్రియతో ఏర్పడే రూపం ఒకటి, జైన్ అనే క్రియతో ఏర్పడే రూపం మరొకటి.

డీ ట్యూర్ విర్ట్ గెష్లోసెన్ అంటే తలుపును మూస్తున్నారు అని అర్థం. డీ ట్యూర్ ఇస్ట్ గెష్లోసెన్ అంటే తలుపు మూసి ఉంది అని అర్థం. గెష్లోసెన్ అనే కృదంతం రెండింటిలోనూ ఒకటే, సహాయక క్రియ ఒక్కటే మారింది. జర్మన్ వ్యాకరణవేత్తలు మొదటిదాన్ని ఫోర్‌గాంగ్స్‌పాసీఫ్ అంటారు, అంటే జరిగే పనిని చెప్పే కర్మణి. రెండోదాన్ని త్సూష్టాండ్స్‌పాసీఫ్ అంటారు, అంటే స్థితిని చెప్పే కర్మణి. పాఠ్యపుస్తకాల్లో ఈ తేడా సాధారణంగా ఒక పేజీతో ముగిసిపోతుంది. నేను చెప్పదలచినది ఆ పేజీ తర్వాత మొదలవుతుంది. సూచనల్లోనూ నివేదికల్లోనూ ఈ రెండు రూపాలు ఒకే విషయాన్ని రెండు తీరుల్లో చెప్పవు. అవి రెండు వేర్వేరు వాదనలు, వాటికి కావలసిన రుజువులు కూడా వేర్వేరు. వేర్డెన్ వాక్యానికి సాక్ష్యం ఒక కర్త, ఒక సమయం. జైన్ వాక్యానికి సాక్ష్యం ఈ క్షణంలో ఆ వస్తువును చూసిన కన్ను. ఈ తేడా తెలుగువాడికి కొత్తది కూడా కాదు. అది మన ఇంటి భాషలోనే ఉంది. ఇంగ్లీషు మీదుగా జర్మన్‌కు చేరే దారిలో దాన్ని పోగొట్టుకుంటున్నాం.

ముందు చరిత్ర చూద్దాం. వేర్డెన్ మూలార్థం తిరగడం, మారడం. సంస్కృతంలోని వర్తతే, లాటిన్‌లోని వెర్తెరె దీని దాయాదులు. ఇస్ట్ అనే రూపం సంస్కృత అస్తికి బంధువు. భూతకాలంలో వచ్చే వార్ అనే రూపం వసతి అనే మాటలోని ధాతువుకు, అంటే నివసించడానికి, చుట్టం. కాబట్టి ఒకటి మార్పును చెప్పే క్రియ, మరొకటి ఉనికిని చెప్పే క్రియ. ఈ రెండింటినీ కృదంతంతో కలిపి కర్మణి అర్థం సాధించడం జర్మానిక్ భాషల్లో చాలా పాతది. 4వ శతాబ్దపు గోతిక్ బైబిలులో భూతకాలపు కర్మణికి ఈ రెండు క్రియలూ కనిపిస్తాయి. 9వ శతాబ్దపు ప్రాచీన ఉన్నత జర్మన్ రచనల్లోనూ రెండూ ఉన్నాయి. అయితే వాటి మధ్య సరిహద్దు నేటి అంత స్పష్టంగా లేదు. మధ్య ఉన్నత జర్మన్‌లో ఇస్ట్‌తో వచ్చిన వాక్యం స్థితినీ చెప్పేది, పూర్తయిన చర్యనూ చెప్పేది. ఆ రెండు అర్థాలనూ విడదీయడానికి భాష తనంతట తాను ఒక చిన్న మాటను తెచ్చుకుంది. అది వోర్డెన్. మధ్య యుగాల చివరి దశలో పరోక్ష భూతకాలపు కర్మణికి అది చేరడం మొదలై, క్రమంగా స్థిరపడింది. డీ ట్యూర్ ఇస్ట్ గెష్లోసెన్ వోర్డెన్ అంటే తలుపు మూశారు, అంటే ఒక చర్య జరిగింది. చివరి వోర్డెన్ తీసేస్తే తలుపు మూసి ఉంది అని మిగులుతుంది. ఒక్క మాట తేడాతో వాక్యం చర్య నుంచి స్థితికి దాటిపోతుంది.

పక్కింటి భాషలు ఏం చేశాయో చూస్తే ఈ చిన్న మాట విలువ తెలుస్తుంది. డచ్ భాషలో వర్తమాన, భూతకాలాల్లో రెండు సహాయక క్రియల తేడా నిలిచింది గాని, పూర్తయిన చర్యను చెప్పేచోట జర్మన్ వోర్డెన్‌కు సమానమైన మాటను ప్రామాణిక భాష సాధారణంగా వాడదు. అందువల్ల అక్కడ ఒకే వాక్యం మూశారు అనీ, మూసి ఉంది అనీ వినబడగలదు. ఇంగ్లీషు ఇంకా ముందుకు వెళ్ళింది. ప్రాచీన ఇంగ్లీషులో వేర్డెన్‌కు సోదరి అయిన క్రియ ఉండేది, కర్మణిలో వాడుకలో ఉండేది. మధ్య ఇంగ్లీషు కాలంలో అది నశించింది. మిగిలిన ఒక్క ఉనికి క్రియే రెండు పనులూ చేయవలసి వచ్చింది. ద డోర్ వాజ్ క్లోజ్డ్ అన్న వాక్యం విన్న ఇంగ్లీషు పాఠకుడు దాన్ని రెండు విధాలుగానూ అర్థం చేసుకోవచ్చు. ఆ సమయానికి తలుపు మూసి ఉందా, ఆ సమయంలో ఎవరైనా మూశారా అన్నది చుట్టూ ఉన్న వాక్యాలే చెప్పాలి.

మన విద్యార్థి జర్మన్‌కు ఈ ఇంగ్లీషు గుమ్మంలోంచే వస్తున్నాడు. ఇంగ్లీషు ఈజ్‌కు జర్మన్ ఇస్ట్ సమానమని మొదటి వారంలోనే నేర్చుకుంటాడు. ఆ సమీకరణం రెండేళ్ళ తర్వాత కర్మణి దగ్గరికి కూడా వెంట వస్తుంది. మూస్తున్నారు అని చెప్పవలసినచోట ఇస్ట్ గెష్లోసెన్ అని రాస్తాడు. ఇంగ్లీషులో అతను తప్పు చేయలేదు, కనుక జర్మన్‌లో తప్పు చేశానని అతనికి అనిపించదు. అతని సొంత భాష అతనికి మరో దారి చూపుతోంది. తెలుగులో తలుపు మూశారు వేరు, తలుపు మూసి ఉంది వేరు. తాళం వేశారు వేరు, తాళం వేసి ఉంది వేరు. గోడ మీద రాశారు అన్నది ఒక పని, రాసి ఉంది అన్నది ఒక స్థితి. ఊళ్ళో చదువురాని ముసలమ్మ కూడా ఈ రెండింటినీ తారుమారు చేయదు. క్త్వార్థక రూపానికి ఉండు క్రియను చేర్చి, కర్తను ప్రస్తావించకుండా, ఫలితాన్ని మాత్రమే చెప్పడం మన నిత్య వ్యవహారం. జర్మన్ జైన్ రూపం చేసే పని సరిగ్గా ఇదే.

ఈ పోలిక పైపైన కనిపించేదానికన్నా లోతైనది. డాస్ ఫెన్‌స్టర్ ఇస్ట్ ఓఫెన్ అంటే కిటికీ తెరుచుకున్న స్థితిలో ఉంది, అది ఎలా వచ్చిందో వాక్యానికి అక్కర లేదు. డాస్ ఫెన్‌స్టర్ ఇస్ట్ గెఓఫ్నెట్ అంటే కూడా అదే స్థితి, కాని ఎవరో తెరిస్తే వచ్చిన స్థితి అన్న సూచన అందులో ఉంది. తెలుగులో తెరుచుకుని ఉంది, తెరిచి ఉంది అన్న జంటలో ఇలాంటి తేడాయే ఉంది. అద్దం పగిలి ఉంది అంటే కారణం తెలియదు, పగలగొట్టి ఉంది అంటే వెనక ఒక చేయి ఉంది. రెండు భాషల హద్దులు కూడా దగ్గర దగ్గరగానే ఉన్నాయి. పని పూర్తయ్యాక వస్తువులో జాడ మిగలని క్రియలు జర్మన్‌లో జైన్ రూపానికి తేలికగా లొంగవు. పొగడడం అటువంటిది. తెలుగులోనూ ఆయన్ని పొగిడి ఉంది అనం. అయితే పోలిక ఎంత దూరం పనిచేస్తుందో కూడా చెప్పాలి. ఆయన తలుపు మూసి ఉంటాడు అని కర్తను పెట్టి అన్నప్పుడు తెలుగు వాక్యం ఊహను చెబుతుంది, స్థితిని కాదు. కాబట్టి కర్త లేకుండా, వస్తువే వాక్యానికి తలగా ఉన్నప్పుడు మాత్రమే ఈ వంతెన మీద నడవాలి.

కర్మణి తెలుగుకు సహజం కాదు గదా, తెలుగు ద్వారా జర్మన్ కర్మణిని ఎలా నేర్పుతారు అని ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. బడు ప్రత్యయంతో వచ్చే వాక్యాల గురించి అయితే ఆ మాట చాలావరకు నిజం. తలుపు మూయబడింది అని ఇంట్లో ఎవరూ అనరు. అందుకే బడు దారిని నేను ప్రతిపాదించడం లేదు. మూయబడింది అన్న అనువాదం ఇంగ్లీషు వాక్యానికి నీడ. ఆ వాక్యంలోని సందిగ్ధతను కూడా అది మోసుకొస్తుంది. మూయబడి ఉంది అని మరొకరు రాస్తే గందరగోళం రెట్టింపవుతుంది. వేర్డెన్ వాక్యానికి మూశారు, మూస్తున్నారు, మూస్తారు అన్న బహువచన క్రియ చాలు. అందులో కర్త ఉన్నాడు, పేరు లేదు. జర్మన్ వేర్డెన్ వాక్యంలో కర్త ఉండే తీరు కూడా అదే. జైన్ వాక్యానికి మూసి ఉంది చాలు. ఈ రెండు పలుకుబళ్ళూ మనవే గనుక వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వక్కర్లేదు.

ఇక సూచనల దగ్గరికి వద్దాం. జర్మన్ సాంకేతిక సూచనల్లో ఒకే వాల్వు గురించి మూడు రకాల వాక్యాలు కనిపిస్తాయి. డాస్ వెంటీల్ విర్ట్ గెష్లోసెన్ అన్నది మొదటిది. డాస్ వెంటీల్ ఇస్ట్ గెష్లోసెన్ అన్నది రెండోది. డాస్ వెంటీల్ ఇస్ట్ త్సు ష్లీసెన్ అన్నది మూడోది. మూడోదానిలో ఇస్ట్ ఉన్నా అది స్థితి వాక్యం కాదు. జైన్, త్సు, క్రియామూలం కలిసి సూచనల భాషలో విధిని చెబుతాయి: వాల్వును మూయాలి. జర్మన్ ప్రమాణాలను రాసే పద్ధతిని నిర్దేశించే డిన్ 820-2 పత్రంలో ఈ ఇస్ట్ త్సు రూపం, తప్పనిసరిని చెప్పే ముస్ అనే మాటకు సమానమైన వాటిలో ఒకటి. ఇస్ట్ అన్న మాట చూడగానే ఉంది అని చదివే విద్యార్థి, చేయవలసిన పనిని ఇప్పటికే ఉన్న స్థితిగా అర్థం చేసుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. మూయాలి అన్న ఆజ్ఞను మూసి ఉంది అన్న హామీగా చదివినవాడు వాల్వును ముట్టుకోకుండా ముందుకు పోతాడు.

ముస్ తో వచ్చే జంట మరింత సున్నితమైనది. డాస్ వెంటీల్ ముస్ గెష్లోసెన్ వేర్డెన్ అంటే వాల్వును మూయాలి, అది ఒక పని, క్రమంలో ఒక మెట్టు. డాస్ వెంటీల్ ముస్ గెష్లోసెన్ జైన్ అంటే వాల్వు మూసి ఉండాలి, అది ఒక షరతు. మొదటి వాక్యం చదివినవాడు చేయి చాపుతాడు. రెండో వాక్యం చదివినవాడు ముందు చూస్తాడు. మూసి ఉంటే ఏమీ చేయడు, తెరిచి ఉంటే మూస్తాడు. నిర్ధారించుకోండి అనే వాక్యాల్లోనూ ఇదే తేడా. వాల్వు గెష్లోసెన్ ఇస్ట్ అని నిర్ధారించుకోమంటే స్వయంగా పరీక్షించమని. గెష్లోసెన్ విర్ట్ అని నిర్ధారించుకోమంటే ఎవరో ఒకరు మూసేలా ఏర్పాటు చేయమని. మొదటిది తనిఖీ బాధ్యత, రెండోది పురమాయించే బాధ్యత. ప్రమాదం జరిగిన తర్వాత ఎవరి విధి ఏమిటని విచారించేటప్పుడు ఈ చివరి పదమే ప్రశ్న అవుతుంది.

దీన్ని ఒక నిజమైన పని క్రమంలో దగ్గరగా చూద్దాం. విద్యుత్ వ్యవస్థల మీద పనిచేసే ప్రతి జర్మన్ సాంకేతికుడికీ అయిదు భద్రతా నియమాలు కంఠతా వచ్చి ఉంటాయి. అవి డిన్ వి.డి.ఇ. 0105-100 ప్రమాణంలో ఉన్నాయి. విద్యుత్ సరఫరా నుంచి వేరుచేయడం, మళ్ళీ ఎవరూ ఆన్ చేయకుండా భద్రపరచడం, వోల్టేజీ లేదని నిర్ధారించడం, భూమికి కలిపి షార్ట్ చేయడం, దగ్గరలో వోల్టేజీ ఉన్న భాగాలను కప్పడం లేదా కంచె వేయడం అన్నవి ఆ అయిదు. ఇవి కర్మణిలో లేవు. ఫ్రైషాల్టెన్, ఎర్డెన్ అంటూ నేరుగా క్రియామూలంతో చెప్పిన ఆజ్ఞలు. మూడో నియమం ఎందుకు ఉందో ఆలోచించాలి. మొదటి నియమం పూర్తయితే వ్యవస్థ వేరైనట్టే గదా అని అనిపించవచ్చు. తప్పు స్విచ్ తీసి ఉండవచ్చు. మరో వైపు నుంచి వోల్టేజీ తిరిగి రావచ్చు. కెపాసిటర్‌లో ఆవేశం మిగిలి ఉండవచ్చు. చర్య జరిగింది, స్థితి మాత్రం రాలేదు. అందువల్ల చర్యను నమ్మకుండా స్థితిని కొలవమని మూడో నియమం చెబుతుంది. సాంకేతికుడు వోల్టేజీ టెస్టర్‌ను ముందు పరీక్షించి, అన్ని ధ్రువాల మీదా కొలుస్తాడు. వేర్డెన్, జైన్ తేడాను పనిముట్టుతో అమలు చేయడం ఇదే.

ఈ క్రమం పూర్తయ్యాక రాసే వాక్యాలను చూడండి. డీ ఆన్‌లాగె వుర్డె ఫ్రైగెషాల్టెట్ అంటే వ్యవస్థను వేరుచేశారు. ఇందులో ఒక సమయం, ఒక చేయి ఉన్నాయి. సంతకం, గడియారం కలిస్తే ఈ వాక్యం ఎప్పటికీ నిజంగా నిలుస్తుంది, ఎందుకంటే జరిగినది జరగనిదిగా మారదు. కాని ఈ వాక్యాన్ని నమ్మి ఎవరూ తీగను ముట్టుకోకూడదు. డీ ఆన్‌లాగె ఇస్ట్ ఫ్రైగెషాల్టెట్ అంటే వ్యవస్థ వేరుచేసి ఉంది. ఇది ఈ క్షణపు వాదన, పొద్దున నిజమై మధ్యాహ్నానికి అబద్ధం కావచ్చు. పనికి అనుమతి ఇచ్చేవారికి ఈ రెండో వాక్యం కావాలి. విచారణ జరిపేవారికి మొదటి వాక్యం కావాలి. ఒకదాని స్థానంలో మరొకటి రాసిన నివేదిక వ్యాకరణం దృష్ట్యా తప్పు లేకుండా ఉండవచ్చు, చదివేవాడికి మాత్రం అతనికి అక్కర్లేని సాక్ష్యాన్ని అందిస్తుంది.

ఆసుపత్రి నివేదికల్లో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డేర్ పాట్సియెంట్ వుర్డె ఇంటుబీర్ట్ అంటే రోగికి శ్వాసగొట్టం వేశారు. డేర్ పాట్సియెంట్ ఇస్ట్ ఇంటుబీర్ట్ అంటే శ్వాసగొట్టం వేసి ఉంది. తెల్లవారుజామున 3.20కి గొట్టం వేసి, 11 గంటలకు తీసేశారనుకుందాం. మధ్యాహ్నం 2 గంటలకు విధుల్లోకి వచ్చిన నర్సు రోగి దగ్గరికి వెళ్ళకముందు కాగితం చదువుతుంది. 3.20కి వుర్డె ఇంటుబీర్ట్ అన్న వాక్యం ఇప్పటికీ నిజమే, కాని ఆమె అడుగుతున్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఆమెకు కావలసినది ఇప్పుడు గొట్టం ఉందా లేదా అన్నది. 11 తర్వాత ఎవరైనా ఇస్ట్ ఇంటుబీర్ట్ అని రాస్తే ఆ వాక్యం పూర్తిగా అబద్ధం. ఇంగ్లీషు నమూనాలో ఆలోచించి వాజ్ ఇంటుబేటెడ్ అన్నదాన్ని వార్ ఇంటుబీర్ట్ అని రాస్తే, ఆ సమయంలో గొట్టం వేసి ఉంది అన్న అర్థం వస్తుంది, వేసిన క్షణం నమోదు కాకుండా పోతుంది. తెలుగులో వేశారా, వేసి ఉందా అని తనను తాను ఒక్కసారి అడిగితే చాలు. సహాయక క్రియ దానంతట అదే తేలుతుంది. సమయాన్ని చెప్పే మాటలు కూడా దారి చూపుతాయి. ఉమ్ అంటూ గడియారపు క్షణం వస్తే సాధారణంగా వేర్డెన్ రూపం కావాలి. జైట్ అంటూ, అంటే నుంచి అని, వ్యవధి వస్తే సాధారణంగా జైన్ రూపం కావాలి. 3.20కి వేశారు, 3.20 నుంచి వేసి ఉంది.

జర్మన్ చట్టం ఈ రెండు వాదనలనూ కోరుతుంది. రోగుల హక్కుల చట్టం 2013 ఫిబ్రవరి 26న అమలులోకి వచ్చి, జర్మన్ పౌర స్మృతిలో కొత్త సెక్షన్లను చేర్చింది. వాటిలో 630ఎఫ్ చికిత్స చేసేవారు రికార్డు నిర్వహించాలని చెబుతుంది. 630హెచ్ మూడో భాగం, వైద్యపరంగా అవసరమైన ముఖ్య చర్యనూ దాని ఫలితాన్నీ రికార్డులో నమోదు చేయకపోతే, ఆ చర్య తీసుకోలేదనే న్యాయస్థానం భావిస్తుందని చెబుతుంది. ఆ భావనను ఎదురు సాక్ష్యంతో తొలగించవచ్చు, కాని ఆ భారం చికిత్స చేసినవారి మీద పడుతుంది. చర్య, దాని ఫలితం అన్న రెండు మాటలూ అక్కడ పక్కపక్కన ఉన్నాయి. కట్టు మార్చారు అన్నది చర్య. గాయం పొడిగా ఉంది, కట్టు వేసి ఉంది అన్నది ఫలితం. మంచి నమోదులో రెండు వాక్యాలు ఉంటాయి, మొదటిది వుర్డెతో, రెండోది ఇస్ట్‌తో. కట్టు గెవెక్సెల్ట్ ఇస్ట్ అని ఒకే వాక్యంతో ముగిస్తే చర్య ఎప్పుడు జరిగిందో తెలియదు, గాయం ఎలా ఉందో కూడా తెలియదు.

నివేదికలో జైన్ రూపానికి ఇంకొక గౌరవం ఉంది. అది చూసినంత మేరకే మాట్లాడుతుంది. దొంగతనం జరిగిన ఇంటికి వెళ్ళిన పోలీసు అధికారి డాస్ ఫెన్‌స్టర్ వార్ ఐన్‌గెష్లాగెన్ అని రాస్తే, కిటికీ పగలగొట్టి ఉంది అని అర్థం. అతను వెళ్ళేసరికి ఉన్నదాన్ని చెప్పాడు. వుర్డె ఐన్‌గెష్లాగెన్ అంటే పగలగొట్టారు. అది జరిగినప్పుడు అతను అక్కడ లేడు. అదొక నిర్ధారణ, దానికి వేరే ఆధారాలు కావాలి. ఎప్పుడు, ఎవరు, లోపలి నుంచా బయటి నుంచా అన్న ప్రశ్నలు వెంటనే లేస్తాయి. కంటితో చూసినదాన్ని వార్ తోనూ, ఆధారాలతో తేల్చినదాన్ని వుర్డెతోనూ రాసే నివేదికలో చదివేవాడికి ఏది సాక్ష్యమో ఏది అనుమానమో చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది. పగలగొట్టి ఉంది అన్న మాటలో కూడా ఒక చేయి ఉందన్న సూచన మిగిలే ఉంది. అంతకన్నా జాగ్రత్తపడే అధికారి పగిలి ఉంది అన్న అర్థం వచ్చే త్సెర్‌బ్రోఖెన్‌ను ఎంచుకుంటాడు.

ఇక్కడ జైన్ రూపానికి ఉన్న పరిమితిని దాచకుండా చెప్పాలి. స్థితులన్నీ ఒక జాతివి కావు. ఆంగెలికా క్రాట్సర్ 2000లో జర్మన్ స్థితి కర్మణి మీద రాసిన వ్యాసంలో రెండు రకాలను వేరుచేశారు. కొన్ని స్థితులు మళ్ళీ పోగలవు. తలుపు మూసి ఉండడం అలాంటిది, తెరిస్తే పోతుంది. అందువల్ల ఇంకా మూసి ఉంది అనవచ్చు. మరికొన్ని స్థితులు ఒకసారి వస్తే పోవు. గెప్ర్యూఫ్ట్, అంటే తనిఖీ చేసి ఉండడం, అలాంటిది. ఈ యంత్రం ఇంకా తనిఖీ చేసి ఉంది అంటే జర్మన్‌లోనూ తెలుగులోనూ వింతగా వినిపిస్తుంది, ఎందుకంటే తనిఖీ చేసినది తనిఖీ చేయనిదిగా మారదు. దీని పర్యవసానం చిన్నది కాదు. డీ మాషీనె ఇస్ట్ గెప్ర్యూఫ్ట్ అన్న పట్టీ యంత్రం మీద ఉంటే, యంత్రం పాడైన మరుసటి రోజు కూడా ఆ వాక్యం నిజమే. ఇస్ట్ ఉంది గనుక ఇది నేటి స్థితి అని చదివేవాడు మోసపోతాడు. ఇటువంటి క్రియలతో వచ్చే జైన్ వాక్యం, రూపంలో స్థితిని చెప్పినా, అందించేది గతంలో పని పూర్తయిందన్న సమాచారమే. అందువల్ల తనిఖీ వాక్యానికి తేదీ తప్పనిసరి. స్థితి పోగలదా లేదా అన్నది తేల్చడానికి ఇంకా అన్న మాటను చేర్చి చూడడం మంచి పరీక్ష.

వ్యాకరణవేత్తలు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. జైన్ రూపం అసలు కర్మణేనా? 1972లో విదేశీ విద్యార్థుల బోధన కోసం వ్యాకరణం వెలువరించిన గేర్‌హార్ట్ హెల్బిష్, యోఆఖిమ్ బూషా దాన్ని కర్మణిలో ఒక భాగంగానే వివరించారు. క్లౌడియా మైయెన్‌బోర్న్ 2007లో, అది విశేషణంగా మారిన కృదంతానికి ఉనికి క్రియ చేరిన వాక్యమని వాదించారు. ఆ వాదానికి బలమైన ఆధారం ఉన్ అనే వ్యతిరేకార్థక ఉపసర్గ. ఉత్తరం ఉన్‌గెఓఫ్నెట్ ఇస్ట్, అంటే తెరవకుండా ఉంది, అని జర్మన్‌లో హాయిగా అనవచ్చు. అదే మాటను విర్ట్‌తో చెప్పలేం. తెరవకపోవడం అన్న పని ఎవరూ చేయరు కదా. ఈ చర్చలో ఎవరు గెలిచినా నా వాదానికి హాని లేదు. అది విశేషణమే అయితే, జైన్ వాక్యం చర్యకు సాక్ష్యం కాదన్న మాట మరింత గట్టిపడుతుంది.

మరొక ఆక్షేపణ సాంకేతిక రచన చేసేవారిది. సూచనల్లో కర్మణినే తగ్గించమంటున్నాం గదా, ఈ సూక్ష్మాలు ఎందుకు అని వారు అడగవచ్చు. వారి ఆందోళనలో సగం సరైనది. డాస్ వెంటీల్ విర్ట్ గెష్లోసెన్ అని సూచనల పుస్తకంలో చదివినవాడికి, వాల్వును తాను మూయాలా, యంత్రం తనంతట మూసుకుంటుందా అన్నది తెలియదు. పాఠకుడు చేయవలసిన పనికి నేరుగా ఆజ్ఞే రాయాలి, అయిదు భద్రతా నియమాలు చూపినట్టు. కాని ఈ సలహా వేర్డెన్ రూపానికి మాత్రమే వర్తిస్తుంది. మూసి ఉండాలి అన్న షరతును ఆజ్ఞగా మార్చలేం. మూయండి అని మారిస్తే, ముందే మూసి ఉన్న వాల్వు దగ్గర పాఠకుడు తికమకపడతాడు, తనిఖీ అన్న పని కూడా అదృశ్యమవుతుంది. కర్మణి అంతటినీ ఒకే గాటన కట్టి నివారించమనే నియమం, ఉంచవలసిన రూపాన్ని కూడా తుడిచేస్తుంది.

జర్మన్లే మాట్లాడేటప్పుడు వోర్డెన్ వదిలేస్తారు, సందర్భం నుంచి అర్థం చేసుకుంటారు అని చివరి ఆక్షేపణ. మాటలో అది నిజమే. ఒకే గదిలో, ఒకే మంచం పక్కన నిలబడి మాట్లాడుకునే ఇద్దరికి మంచమే సందర్భం. గొట్టం కళ్ళ ముందు ఉంటే వాక్యం అసంపూర్ణమైనా నష్టం లేదు. సూచనల పుస్తకమూ, నివేదికా ఆ గదిలో ఉండవు. సూచన రాసినవాడు యంత్రాన్ని చూశాడు, చదివేవాడి యంత్రాన్ని చూడలేదు. నివేదిక చదివేవాడు రోగిని ఇంకా చూడలేదు. రాసినవాడూ చదివేవాడూ ఒకే కాలంలో, ఒకే చోట లేనప్పుడు సందర్భం అందించే సాయం ఉండదు. ఆ సాయం చేయవలసినది సహాయక క్రియే. శతాబ్దాల క్రితం జర్మన్ భాష వోర్డెన్‌ను తెచ్చుకుని విడదీసుకున్నది ఈ రెండు అర్థాలనే.

కాబట్టి బోధనలో ఒక మార్పును కోరుతూ ముగిస్తాను. కర్మణి పాఠాన్ని ఇంగ్లీషు వాక్యంతో మొదలుపెట్టకుండా, తాళం వేశారు, తాళం వేసి ఉంది అన్న జంటతో మొదలుపెడదాం. విద్యార్థి జర్మన్‌లో రాసిన ప్రతి కర్మణి వాక్యం పక్కనా రెండు ప్రశ్నలు వేద్దాం: దీన్ని ఎవరు, ఎప్పుడు చేశారు? ఇప్పుడు ఇది ఎలా ఉంది? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే వాక్యంలో వేర్డెన్, రెండో ప్రశ్నకు జవాబు చెప్పే వాక్యంలో జైన్ ఉండాలి. ఏ ప్రశ్నకు జవాబు కాగితంలో లేదో ఆ వాక్యాన్ని చేర్చమని చెబుదాం. తాళం వేసిన మనిషినీ, వేసి ఉన్న తాళాన్నీ విడివిడిగా చూడడం ఆ విద్యార్థికి చిన్నప్పటి నుంచీ వచ్చు. జర్మన్‌లో ఆ చూపును నిలుపుకోవడమే మనం నేర్పవలసినది.